ప్యాడ్లు మార్చే ముందు పిస్టన్ కదులుతుందో లేదో చూడండి

రోజూ మేత రేటు గురించో, నీళ్ళలో ఆక్సిజన్ గురించో రాసే నేను ఈసారి బండి బ్రేకు గురించి రాస్తున్నాను. పోస్టు పెద్దదే. కానీ చెరువు గట్ల మీద డిస్కు బ్రేకు బండి నడిపే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది కాబట్టి ఓపిగ్గా చదవండి.

మొన్న వేసవిలో ఏలూరులో మేత బస్తాలు రెండు వెనకాల కట్టుకుని కైకలూరు రోడ్డులో వస్తున్నాను. సగం దూరం వచ్చేసరికి బండి బరువెక్కినట్టు అనిపించింది. ఎక్సిలేటర్ ఇచ్చినా లాగడం లేదు. బస్తాల బరువేమో అనుకున్నా. ఇంకో రెండు కిలోమీటర్లు వచ్చేసరికి కాలిన వాసన. దిగి చూస్తే ముందు డిస్కు సెగలు కక్కుతోంది. బండి తోద్దామంటే ముందు చక్రం ససేమిరా కదల్లేదు. ఒక పక్క లారీలు, ఇంకో పక్క చెరువు. అరగంట అక్కడే కూర్చుంటే డిస్కు చల్లారింది, చక్రం కాస్త వదిలింది. ముందు బ్రేకు ముట్టుకోకుండా నెమ్మదిగా ఇంటికొచ్చాను. చక్రం అలా పట్టేసింది యాభై, అరవై స్పీడులో అయ్యుంటే ఈ పోస్టు రాయడానికి నేనుండేవాణ్ణి కాదేమో.

అసలు విషయం ఏమిటంటే, దానికి ముందు ఏడు నెలల్లో మూడుసార్లు ముందు ప్యాడ్లు మార్పించాను. మూడుసార్లూ షాపులో ఒకటే పద్ధతి. పాత ప్యాడ్లు లాగేయడం, పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి పిస్టన్లను లోపలికి అదమడం, కొత్తవి దూర్చడం, పావుగంటలో "అయిపోయిందండి" అనడం. మూడోసారి అడిగాను కూడా, "ఏంటి తమ్ముడూ, ఇంత తొందరగా అరిగిపోతున్నాయి?" అని. "మీ రోడ్లు అలాంటివండి" అన్నాడు. నేనూ నమ్మాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ప్యాడ్లు తొందరగా అరిగిపోవడం జబ్బు కాదు, జబ్బు లక్షణం. పిస్టన్ పట్టేసిన క్యాలిపర్‌లో కొత్త ప్యాడ్లు వేయడమంటే గండి పూడ్చకుండా చెరువుకు నీళ్ళు పెట్టడమే. అంతకన్నా పెద్ద తప్పు, మురికి పట్టిన పిస్టన్‌ను స్క్రూడ్రైవర్‌తో లోపలికి అదమడం. ఇది ఎందుకు తప్పో తెలియాలంటే లోపల జరిగేది కాస్త తెలియాలి.

మనం బ్రేకు లివరు నొక్కితే పైన డబ్బాలోని బ్రేక్ ఆయిల్ గొట్టంలోంచి వచ్చి క్యాలిపర్‌లోని పిస్టన్‌ను బయటకు నెడుతుంది. పిస్టన్ ప్యాడ్‌ను నెడుతుంది, ప్యాడ్ డిస్కును పట్టుకుంటుంది. మరి లివరు వదిలేశాక పిస్టన్‌ను వెనక్కి లాగేదేమిటి? చాలామంది స్ప్రింగ్ ఉంటుందనుకుంటారు. స్ప్రింగేమీ లేదు. పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చున్న రబ్బరు సీలే ఆ పని చేస్తుంది. పిస్టన్ బయటకు వెళ్ళేటప్పుడు సీలు దాంతోపాటు కొంచెం వంగుతుంది, ఒత్తిడి పోగానే నిటారుగా నిలబడుతూ పిస్టన్‌ను వెనక్కి లాక్కుంటుంది. అది లాగేది వెంట్రుక మందమంత దూరమే. దాని బలమూ అంతంతమాత్రమే. కాబట్టి పిస్టన్ మీద కాస్త తుప్పు, మట్టి చేరినా చాలు, లివరు బలం దాన్ని బయటకు నెట్టగలదు గానీ సీలు బలం వెనక్కి లాగలేదు. ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. డిస్కు వేడెక్కుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా బిగుస్తుంది. నా బండికి రోడ్డు మీద జరిగింది ఇదే.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ సంగతి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటకు జరుగుతూ వస్తుంది. బయటకొచ్చిన ఆ భాగం మీద మన గట్ల బురద, బ్రేకు పొడి, ఉప్పు నీళ్ళు అన్నీ చేరి గట్టిపడతాయి. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి వాటికి చోటివ్వాలంటే పిస్టన్‌ను లోపలికి పంపాల్సిందే. కానీ తుడవకుండా అదిమితే ఆ మురికంతా సీలు కిందకు పోతుంది. అంటే ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ మనమే పిస్టన్‌ను ఇంకాస్త బిగించేస్తున్నామన్నమాట.

తాడేపల్లిగూడెంలో మా మేనమామ గారింటి దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. లారీల బ్రేకుల పని చేసీ చేసీ ఇప్పుడు ఇంటి దగ్గర చిన్న చిన్న పనులు చేస్తారు. బండి ఆటో మీద వేసుకుని ఆయన దగ్గరకు పట్టుకెళ్ళా. పాత ప్యాడ్లు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "పిస్టన్ని లోపలికి తొయ్యడం కాదు బాబూ, ముందు దాన్ని బయటకి రానియ్యాలి" అన్నారు. ఈ పోస్టంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆయన చేసిందీ, నా చేత చేయించిందీ వరుసగా చెప్తాను.

మొదట, పట్టేసింది పిస్టనేనా కాదా అని తేల్చుకోవాలి. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపారు. బ్రేకు నొక్కి వదిలి చక్రం తిప్పితే బిగుసుకునే ఉంది. అప్పుడు క్యాలిపర్ మీదుండే గాలి తీసే నిపుల్‌ను పానాతో ఒక పావు తిప్పు వదులు చేసి మళ్ళీ బిగించారు. ఆ వదులు చేసినప్పుడు ఆయిల్ చిమ్మి చక్రం టక్కున వదిలేస్తే పిస్టన్ తప్పు కాదట. పైన లివరు దగ్గర ఆయిల్ తిరిగొచ్చే సన్న రంధ్రం మూసుకుపోయిందని గానీ, గొట్టం లోపల వాచిందని గానీ అర్థం. నా బండికి నిపుల్ వదులు చేసినా చక్రం వదల్లేదు. అంటే జబ్బు కిందే ఉంది. తర్వాత క్యాలిపర్‌ను చేత్తో పట్టుకుని పక్కలకు జరిపి చూశారు. అది తన పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. జరగకపోతే పిన్నులు ఊడదీసి, తుడిచి, సిలికాన్ గ్రీజు పెడితే చాలాసార్లు అక్కడితోనే సరిపోతుంది. నాది జరిగింది. ఇక మిగిలింది పిస్టనే.

నా క్యాలిపర్‌లో పక్కపక్కనే రెండు పిస్టన్లున్నాయి. పాత ప్యాడ్ చూస్తే ఒక చివర ఇనుము తేలిపోయింది, రెండో చివర ఇంకా సగం మందం ఉంది, ఏటవాలుగా కోసిన కొబ్బరి ముక్కలాగా. అలా వంకరగా అరిగితే రెండు పిస్టన్లలో ఒకటి పని చేస్తోంది, ఒకటి మొరాయిస్తోందని గుర్తు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. షాపులో పాత ప్యాడ్లు పారేయనివ్వకండి, అడిగి తీసుకుని చూడండి.

ఇక పిస్టన్‌ను బయటకు రప్పించడం. మనవాళ్ళు ఇక్కడే ప్లేయరు పెట్టి మెలితిప్పుతారు. పిస్టన్ మీద గీతలు పడి ఆయిల్ కారుతుంది. పెద్దాయన చెప్పిందేమిటంటే, దాన్ని బయటకు నెట్టే అన్నిటికన్నా బలమైన పనిముట్టు బండి మీదే ఉంది, అది మన బ్రేకు లివరే. లెక్క చూడండి. చేత్తో ఓ పది కిలోల బలం పెట్టామనుకుందాం. లివరు దాన్ని సుమారు ఐదింతలు చేస్తుంది. పై పిస్టన్ 12 మిల్లీమీటర్లు, కింది పిస్టన్ 25 మిల్లీమీటర్లు అయితే వైశాల్యాల తేడా వల్ల అది మళ్ళీ నాలుగింతలు పైనే అవుతుంది. అంటే పట్టేసిన పిస్టన్ వెనక రెండొందల కిలోల తోపు. ఏ ప్లేయరుకుంది అంత బలం? అందుకే గొట్టం ఊడదీయకుండా ముందు ఈ పని చేయాలి. గొట్టం ఊడదీసేశాక ఆ బలం పోయినట్టే.

క్యాలిపర్‌ను ఫోర్కు నుంచి విప్పి, ప్యాడ్లు తీసేసి, కింద ఒక ట్రే పెట్టారు. లివరు నొక్కితే మంచి పిస్టన్ ఒక్కటే ముందుకొచ్చింది, చెడ్డది కదల్లేదు. ఆయిల్ కూడా మన కాలువ నీళ్ళలాంటిదే, సులువుగా ఉన్న వైపే పోతుంది. అందుకని మంచి పిస్టన్‌ను లోపలికి పంపి, చిన్న చెక్కముక్క అడ్డం పెట్టి సి క్లాంపుతో బిగించేశారు. ఇప్పుడు ఒత్తిడంతా చెడ్డదాని మీదే. నాలుగైదుసార్లు నొక్కేసరికి లివరు రాయిలా అయింది. ఆయన తొందరపడలేదు. నొక్కి పట్టుకుని, చెక్క సుత్తితో క్యాలిపర్ ఒంటి మీద చిన్నగా తడుతూ ఉంటే ఒక్కసారి కిర్రుమని కదిలింది. అక్కణ్ణించి కొంచెం కొంచెంగా బయటకొచ్చింది. పిస్టన్ జరిగేకొద్దీ పై డబ్బాలో ఆయిల్ తగ్గిపోతుంది, కాబట్టి మధ్యలో పోస్తూ ఉండాలి.

ఇక్కడ ఒక కిటుకుంది. చెడ్డ పిస్టన్‌ను పూర్తిగా ఊడి పడనివ్వకూడదు. ఒకటి ఊడిందంటే ఒత్తిడంతా అటే పోయి రెండోది ఇక రాదు. అందుకని మొండిదాన్ని చివరిదాకా తెచ్చి ఆపి, క్లాంపు తీసి, రెండోదాన్నీ బయటకు రప్పించి, ఆఖరున రెండిటినీ చేత్తో లాగాలి.

లివరుకు కూడా లొంగకపోతే? కొందరు పంచర్ షాపుకెళ్ళి గాలి కొట్టిస్తారు. అది నాకు నచ్చని పద్ధతి. షాపు గాలి 100 పౌండ్లున్నా అదే పిస్టన్ మీద పడే తోపు 35 కిలోల దగ్గరే ఆగిపోతుంది. రెండొందల కిలోలకు కదలనిది ముప్పై ఐదుకు ఎందుకు కదులుతుంది? పైగా గాలి స్ప్రింగులాంటిది. కదిలిందంటే పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది. వేలు అడ్డముంటే ఎముక విరుగుతుంది. గొట్టం ముందే ఊడిపోయి వేరే దారి లేనప్పుడు, పిస్టన్‌కు ఎదురుగా మందపాటి చెక్క, గుడ్డ పెట్టి, వేళ్ళు దూరంగా ఉంచి, కొద్దికొద్దిగా కొట్టాలి.

దానికన్నా మన ట్రాక్టరు గ్రీజు గన్ మేలు. గొట్టం బోల్టు ఉండే రంధ్రానికి మర సరిగ్గా సరిపోయే గ్రీజు నిపుల్ బిగించి, గాలి నిపుల్ మూసేసి, గన్ కొడితే ఎంత మొండి పిస్టనైనా నింపాదిగా బయటకొస్తుంది. గాలిలా ఎగిరిపడదు. మర కుదరకపోతే లేతు షాపులో ఒక చిన్న ముక్క చేయించుకోవాలి గానీ బలవంతంగా తిప్పితే క్యాలిపర్ మర పోతుంది. ఇలా చేస్తే రెండు షరతులు. లోపల గ్రీజు ఇసుమంత కూడా మిగలకుండా కడగాలి. పాత సీళ్ళు మళ్ళీ వాడకూడదు.

పిస్టన్లు బయటకొచ్చాక అసలు దొంగ దొరికాడు. పిస్టన్ మీద తుప్పు మచ్చలు రెండున్నాయి. కానీ పెద్దాయన నాకు చూపించింది సీళ్ళు కూర్చునే గాడి. సన్నటి చెక్క పుల్లతో సీళ్ళు తీస్తే గాడి అడుగున తెల్లగా సున్నంలాంటి పెచ్చు. క్యాలిపర్ అల్యూమినియంది. దానికి ఉప్పు తగిలితే అలా తెల్లగా పొంగుతుంది. ఆ పెచ్చు వెనకనుంచి సీలును పిస్టన్ మీదకు తోస్తుంది, పిస్టన్ బిగుసుకుపోతుంది. పిస్టన్ ఎంత మెరిసేలా తుడిచినా, కొత్త సీలు వేసినా, ఆ గాడి శుభ్రం చేయకపోతే నెల తిరక్కుండా మళ్ళీ అదే కథ. పని మొత్తంలో జనం వదిలేసేది ఇదే.

ఆ పెచ్చును ఇత్తడి తీగ వంచి ఓపిగ్గా గోకించారు నా చేత. ఇనుప మేకుతో గోకితే గాడి అంచు దెబ్బతింటుంది. తర్వాత బ్రేక్ ఆయిల్‌తో, పాత టూత్ బ్రష్‌తో కడిగాం. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు ఈ రబ్బరుకు విషం. తగిలితే సీలు నానబెట్టిన శనగలా ఉబ్బుతుంది. డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఇంజినాయిల్ పోసేవాళ్ళను చూశాను. అలా చేస్తే పైనా కిందా ఉన్న సీళ్ళన్నీ పోతాయి. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే పోయాలి.

పిస్టన్ మచ్చల మీద గోరు పెట్టి గీయమన్నారు. గోరు తట్టుకుంటే పిస్టన్ మార్చాలి. ఎమెరీ పేపరుతో రుద్దితే పైనున్న క్రోమ్ పూత పోయి నాలుగు వానలకే తుప్పు పడుతుంది. నాదాంట్లో ఒకటి గోరుకు తగిలింది, మార్చేశాం. ఒక్కోదానికి రెండేసి సీళ్ళు. లోపలి మందపాటిది ఆయిల్ ఆపేది, బయటి పల్చటిది దుమ్ము ఆపేది. నాలుగూ కొత్తవి వేసి, బ్రేక్ ఆయిల్‌తో తడిపి, పిస్టన్ నిటారుగా పెట్టి బొటనవేలితో నెట్టాను. జారుతూ వెళ్ళిపోయింది. పని బాగా కుదిరిందనడానికి అదే పరీక్ష. బొటనవేలికి లొంగలేదంటే గాడిలో ఇంకా పెచ్చు ఉన్నట్టే, క్లాంపు పెట్టి అదమకండి, మళ్ళీ తీయండి.

తర్వాత క్యాలిపర్ బిగించి, కొత్త ప్యాడ్లు వేసి, గాలి తీశాం. లివరు నొక్కి పట్టుకోవడం, నిపుల్ వదులు చేయడం, బుడగలు రాగానే బిగించడం, అప్పుడు లివరు వదలడం. బుడగలు ఆగి లివరు గట్టిపడేదాకా ఇదే. లివరు గట్టిపడకుండా బండి కదపకూడదు. కొత్త ప్యాడ్ల మీద గ్రీజు చెయ్యి పెట్టకూడదు. ఆఖరి పరీక్షగా ముందు బ్రేకు వాడకుండా మూడు కిలోమీటర్లు నడిపి డిస్కు మీద నాలుగు నీటి చుక్కలు చల్లాను. చుయ్యిమనలేదు. అంతకుముందు ఇంట్లో ఇదే పరీక్ష చేస్తే దోసె పెనంలా చుయ్యిమంది. అది జరిగి ఇప్పటికి సంవత్సరం దాటింది, ప్యాడ్లు ఇంకా సగానికి పైనే ఉన్నాయి. మూడు జతల ప్యాడ్లకు పోసిన డబ్బులో పిస్టన్, సీళ్ళు, ఆయన కూలీ అన్నీ వచ్చేశాయి.

మన దగ్గర ఇది ఎక్కువ ఎందుకంటే, కొల్లేరు మంచినీటి సరస్సే అయినా ఉప్పుటేరు దాన్ని సముద్రంతో కలుపుతుంది. వేసవిలో ఉప్పు నీళ్ళు పైకి ఎగదన్నుతాయి. దానికి తోడు రొయ్యల చెరువులకు మనమే ఉప్పు నీటి బోర్లు వేశాం. బ్లీచింగ్ బస్తా బండి మీదే, కారుతున్న చేపల ట్రే బండి మీదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి దిగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీళ్ళు పారాయి. ఇలాంటి చోట డిస్కు బ్రేకును మెట్ట ఊళ్ళలో చూసినట్టు చూస్తే కుదరదు. చెరువు నుంచి రాగానే మంచినీళ్ళతో ముందు చక్రం కడగండి, కడిగాక కొంచెం దూరం నడిపి రెండుమూడుసార్లు బ్రేకు నొక్కండి. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్పించండి.

మెకానిక్‌లనే తిట్టడం న్యాయం కాదని కూడా రాయాలి. పిస్టన్ తీసి గాడి శుభ్రం చేయడం పూట పని. మనమేమో "పది నిమిషాల్లో ఇచ్చెయ్, చెరువు మీదకెళ్ళాలి" అంటాం, కూలీ దగ్గర బేరమాడతాం. వాడు స్క్రూడ్రైవర్ అందుకోక ఏం చేస్తాడు? ఇంకొందరు క్యాలిపర్ మొత్తం కొత్తది వేసేయమంటారు. పిస్టన్ నడిచే గోడలోనే గుంతలు పడితే అది నిజమే, దానికి వేరే మందు లేదు. కానీ చూడకుండా ముందే ఆ మాట అనడం ఒప్పుకోను. "ముందు బ్రేకు వాడకు, వెనకదే నొక్కు" అనే సలహా అన్నిటికన్నా ప్రమాదం. బండి ఆగేది ఎక్కువగా ముందు బ్రేకుతోనే. పైగా వాడకుండా వదిలేసిన పిస్టన్ ఇంకా తొందరగా పట్టేస్తుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అలాంటి బండి ఉన్నవాళ్ళు పిస్టన్ పూర్తిగా ఊడదీసే పని ఇంట్లో పెట్టుకోవద్దు. ఏబీఎస్ డబ్బాలోకి గాలి చేరితే తీయడానికి కొన్ని బళ్ళకు కంపెనీ మిషనే కావాలి. కానీ పిస్టన్‌ను కొంచెం బయటకు రప్పించి, టూత్ బ్రష్‌తో తుడిచి, బ్రేక్ ఆయిల్ రాసి వెనక్కి పంపడం ఎవరైనా చేసుకోవచ్చు. పట్టేయకముందే ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ ఇది చేస్తే ఊడదీసే అవసరమే తొందరగా రాదు.

మీరు స్వయంగా చేయకపోయినా షాపు దగ్గర కుర్చీలో కూర్చుని ఫోన్ చూడకండి. పక్కన నిలబడి, "తమ్ముడూ, ముందు పిస్టన్ బయటకి తెచ్చి తుడువు, ఆ తర్వాతే లోపలికి తొయ్యి, కూలీ ఎక్కువైనా ఇస్తాను" అనండి. ఆ వంద రూపాయలు చెరువు మీద పెట్టే ఖర్చులో ఒక లెక్కా? ఈ రోజు సాయంత్రం బండి స్టాండ్ వేసి, బ్రేకు నొక్కి వదిలి, ముందు చక్రం ఒకసారి చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగకపోతే రేపు పొద్దున్న చెరువు మీదకు వెళ్ళే ముందు దాని సంగతి చూసుకోండి.